మూడు మూమెంట్ల సమీకరణం: అస్నియేర్ వంతెన నుంచి కతర్‌గామ్ దూలం దాకా

1848 ఫిబ్రవరిలో పారిస్‌లో విప్లవం చెలరేగినప్పుడు జనం ఆగ్రహం నగరం చుట్టూ ఉన్న రైలు వంతెనల మీదికీ మళ్లింది. సెన్ నది మీద అస్నియేర్ దగ్గరున్న వంతెన ఆ గొడవల్లోనే ధ్వంసమైంది. దాని స్థానంలో ఇనుప గర్డర్లతో కొత్త వంతెన కట్టాలని నిర్ణయించాక, 1849లో ఆ లెక్కలు ఎమిల్ క్లాపెయిరాన్ చేతికొచ్చాయి. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. యవ్వనంలో మిత్రుడు లామేతో కలిసి రష్యా వెళ్లి, పీటర్స్‌బర్గ్‌లో ఇంజనీరింగు విద్యార్థులకు పాఠాలు చెప్పి వచ్చాడు. తిరిగొచ్చాక పారిస్–సాంజెర్మాన్ రైలు మార్గం వేయడంలో భాగస్వామి అయ్యాడు. గణితమూ సైటు పనీ రెండూ తెలిసిన మనిషి.

ఆయన ముందున్న చిక్కు ఇది. గర్డరు ఒక స్తంభం నుంచి పక్క స్తంభం దాకా వేసి ఆపేస్తే లెక్క సులువు. మొత్తం బరువెంతో తెలుసు, అది రెండు కొసలకూ పంచుకుపోతుంది. గర్డరును తెంపకుండా వరసగా నాలుగైదు స్తంభాల మీదుగా నడిపిస్తే మాత్రం ఏ స్తంభం ఎంత మోస్తోందో తూకం ఒక్కటే చెప్పలేదు. తూకం నుంచి వచ్చే సమీకరణాలు రెండే. స్తంభాలు మూడైతే ఒక సమీకరణం తక్కువ, ఆరైతే నాలుగు తక్కువ. ఆ లోటు తీరాలంటే గర్డరు ఎలా వంగుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ దారి చూపించినవాడు గత సంచికలో మనం కలిసిన నావియే. ఆయన స్తంభాలు మోసే బరువులనే తెలియని రాశులుగా పెట్టుకున్నాడు. పద్ధతిలో తప్పేమీ లేదు. కాని ఒక స్తంభం మీద బరువు మారితే గర్డరు మొత్తం వంపు మారుతుంది కాబట్టి, ప్రతి సమీకరణంలోకీ అన్ని స్తంభాల రాశులూ వచ్చి పడతాయి. అయిదారు స్పాన్ల వంతెనకు చేత్తో ఆ లెక్క తేల్చడం రోజుల తరబడి పని. మధ్యలో ఒక అంకె తప్పితే ఎక్కడ తప్పిందో పట్టుకోవడమూ కష్టమే.

క్లాపెయిరాన్ ప్రశ్నను మార్చాడు. స్తంభం ఎంత మోస్తోంది అని అడగడం మానేసి, స్తంభం మీద గర్డరు ఎంత బలంగా వంగుతోంది అని అడిగాడు. ఆ వంచే ప్రభావమే మూమెంట్. ఇలా అడిగేసరికి లెక్క స్వరూపమే మారిపోయింది. ఒక స్తంభం మీది మూమెంట్‌కు దాని ఎడమ పక్క స్తంభంతోనూ కుడి పక్క స్తంభంతోనూ తప్ప మరి దేనితోనూ నేరుగా సంబంధం లేదు. సమీకరణాలు ఎన్ని ఉన్నా, ఒక్కో దాంట్లో మూడుకు మించి మూమెంట్లు ఉండవు. ఈ ఫలితాన్ని క్లాపెయిరాన్ 1857లో ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందు పెట్టాడు. ఆధారాల మధ్య దూరాలు సమానంగా లేని దూలం లెక్క అన్నది ఆ పత్రం శీర్షికలోనే ఉంది.

ఇక్కడ న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఇదే మూడు మూమెంట్ల రూపాన్ని అన్రీ బెర్తో అనే ఇంజనీరు 1855లోనే, అంటే క్లాపెయిరాన్ పత్రానికి రెండేళ్ల ముందే, ఫ్రాన్స్ సివిల్ ఇంజనీర్ల సంఘం పత్రికలో అచ్చు వేయించాడు. అస్నియేర్ నాటి క్లాపెయిరాన్ లెక్క అప్పటికే ఇంజనీర్ల మధ్య తెలిసినదే అయినా, దాన్ని ఇంత పొందికైన రూపంలో మొదట అచ్చులో పెట్టింది బెర్తో. పాఠ్యపుస్తకాలు ఒక్క క్లాపెయిరాన్ పేరే చెబుతాయి. ఇద్దరి పేర్లూ కలిపి చెప్పడమే సబబని నా అభిప్రాయం.

సమీకరణం ఎలా పుట్టిందో చూస్తే అది బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు. ఆధారాల మీద దూలాన్ని కోసేశామనుకోండి. ప్రతి ముక్కా తన బరువుకు మధ్యలో కిందికి జారుతుంది, దాని కొసలు కాస్త తిరుగుతాయి. ఒకే ఆధారం మీద ఎడమ ముక్క కొస ఒక వైపు, కుడి ముక్క కొస మరో వైపు తిరగడంతో రెంటి మధ్యా పైభాగంలో చీలిక తెరుచుకుంటుంది. పొడవు L, మీటరుకు బరువు w అయితే ఒక్కో కొస తిరిగే కోణం wL³/24EI. ఇందులో E పదార్థం బిగువు, I దూలం అడ్డకోత ఆకారాన్ని బట్టి వచ్చే అంకె. నిజమైన దూలం కోసి లేదు కాబట్టి ఆ చీలిక ఉండకూడదు. దాన్ని మూసేది ఆధారం మీది మూమెంటే. ఒక కొస మీద M అనే మూమెంట్ పెడితే ఆ కొస ML/3EI కోణం వెనక్కి తిరుగుతుంది, అవతలి కొస అందులో సగం, అంటే ML/6EI తిరుగుతుంది. తెరుచుకున్న కోణమూ మూసుకున్న కోణమూ సమానం కావాలి. ఆరుతో హెచ్చవేసి EI కొట్టేస్తే మిగిలేది ఇది:

M_A·L1 + 2·M_B·(L1+L2) + M_C·L2 = w1·L1³/4 + w2·L2³/4

దూలం పైభాగాన్ని సాగదీసే మూమెంట్‌ను ఇక్కడ ధనంగా తీసుకున్నాను. మొదటి పదంలోనూ మూడో పదంలోనూ ఉన్నది పక్క ఆధారాల నుంచి వచ్చే సగం ప్రభావం. నడుమ ఉన్న రెండు రెట్లు సొంత ఆధారం ప్రభావం.

ఇక దూలం ఒక కొస గోడలో బిగించి ఉంటే? అక్కడ కొస అసలు తిరగకూడదు. A దగ్గర బరువు వల్ల వచ్చే కోణాన్ని M_A, M_B రెండూ కలిసి పూర్తిగా రద్దు చేయాలి:

2·M_A·L1 + M_B·L1 = w1·L1³/4

పుస్తకాల్లో దీన్ని ఇంకో విధంగా చెబుతారు. గోడకు అవతల సున్నా పొడవున్న ఊహా స్పాన్ ఒకటి ఉందనుకుని, మామూలు మూడు మూమెంట్ల సమీకరణమే అక్కడా రాస్తారు. ఫలితం ఒకటే. పరీక్షలో ఆ ఉపాయం పనికొస్తుంది. కొస తిరగదు అన్న అర్థం మాత్రం పై వాక్యంలోనే ఉంది.

ఇప్పుడు సూరత్ వెళ్దాం. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా మన నేతపనివాళ్లు పవర్‌లూమ్‌ల మీద బతుకుతెరువు వెతుక్కున్న ఊరది. అక్కడ తపతి ఒడ్డున ఉన్న కతర్‌గామ్ లూమ్‌లకూ వజ్రాల సానపట్టే పనికీ పేరున్న ప్రాంతం. వజ్రాల పనిలో ఘంటి అని పిలిచే సానచక్రం బల్ల చుట్టూ పనివాళ్లు కూర్చుంటారు. ఒక గదిలో బల్లలు కిక్కిరిసి ఉంటాయి, పక్క గది కొన్నాళ్లు ఖాళీగా ఉండొచ్చు. దూలం లెక్కకు ఇది చాలా ముఖ్యమైన సంగతి.

ఇలాంటి కట్టడంలో ఉండదగ్గ ఒక దూలాన్ని తీసుకుందాం. A కొస లిఫ్టు చుట్టూ పోసిన మందపాటి కాంక్రీటు గోడలో కలిసిపోయి ఉంది, దాన్ని బిగింపు కొసగా లెక్కించవచ్చు. అక్కడి నుంచి 4 మీటర్లకు B పిల్లరు. ఇంకో 6 మీటర్లకు C, అక్కడ దూలం ఇటుక గోడ మీది బెడ్‌బ్లాకు మీద ఊరికే ఆనుకుని ఉంది, కాబట్టి M_C సున్నా. స్లాబు, దూలం, గోడల సొంత బరువు మీటరుకు 9 కిలోన్యూటన్లు. మనుషులు, బల్లలు, సరుకు కలిపి మరో 9. రెండూ ఉంటే 18, అంటే మీటరుకు దాదాపు 1.8 టన్నులు. డిజైనులో వేసే 1.5 భద్రతా గుణకం ఇందులో కలపలేదు.

రెండు గదులూ నిండుగా ఉన్నప్పుడు మొదటి సమీకరణం 8·M_A + 4·M_B = 288 అవుతుంది. రెండోది 4·M_A + 20·M_B = 288 + 972 = 1260. సాధిస్తే M_B = 62 కిలోన్యూటన్ మీటర్లు, M_A = 5. బిగించిన కొస దగ్గర ఇంత తక్కువ రావడం చూసి చాలామంది లెక్క తప్పిందనుకుంటారు. తప్పలేదు. 6 మీటర్ల పొడుగు స్పాన్ బరువుకు B మీద దూలం దాని వైపు తిరగాలని చూస్తుంది. ఆ తిరుగుడు పొట్టి స్పాన్‌ను పైకి ఎత్తినట్టు వంచి, A దగ్గర రావలసిన మూమెంట్‌ను దాదాపు తినేస్తుంది.

B పిల్లరు సంగతీ చూడాలి. రెండు స్పాన్లూ విడివిడిగా ఉన్నాయనుకుని చెరి సగం పంచితే దాని మీద పడేది 36 + 54 = 90 కిలోన్యూటన్లు. అసలు పడేది 114.6. అంచనాకూ నిజానికీ పాతిక శాతం పైగా తేడా. చెరి సగం లెక్క మీదే ఫుటింగు సైజు వేస్తే మధ్య పిల్లరు కిందే నేల ఎక్కువ నొక్కుకుపోతుంది. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం సులువు. A దగ్గర 21.75, C దగ్గర 43.67, వీటికి 114.58 కలిపితే 180 రావాలి. 10 మీటర్లు, మీటరుకు 18. సరిపోయింది.

ఇప్పుడు 4 మీటర్ల గది ఖాళీ చేశారనుకుందాం. అక్కడ మిగిలేది సొంత బరువు 9 మాత్రమే. పక్క గదిలో 18 అలాగే ఉంది. సమీకరణాలు 8·M_A + 4·M_B = 144, 4·M_A + 20·M_B = 1116 అవుతాయి. M_B = 58, M_A = మైనస్ 11.

ఆ మైనస్ మీద కాసేపు ఆగాలి. గోడ దగ్గర దూలం తిరగబడింది. అక్కడ సాగేది ఇప్పుడు పైభాగం కాదు, కిందిభాగం. బరువు తీసేస్తే దూలానికి మేలే కదా అనుకుంటాం, ఇక్కడ ఆ బరువు తీయడమే కొత్త చోట లాగుడు పుట్టించింది. ఇంకా లోపలికి వెళ్తే, గోడ నుంచి సుమారు 1.65 మీటర్ల తర్వాత B దాకా, అంటే 4 మీటర్ల స్పాన్‌లో 2.35 మీటర్ల మేర, నట్టనడుమ కూడా దూలం పైభాగమే సాగుతోంది.

సైటులో దీని ఫలితం ఏమిటి? పిల్లరు మీద వేసే ఎక్స్‌ట్రా టాప్ రాడ్లను స్పాన్‌లో నాలుగో వంతు దాకా ఇచ్చి కోసేయడం చాలాచోట్ల వాడుక. 4 మీటర్లకు నాలుగో వంతు ఒక్క మీటరే. పొడుగు స్పాన్‌ను చూసి 0.3 వంతు ఇచ్చినా 1.8 మీటర్లే. కావలసింది 2.35, దాని మీద కాంక్రీటులో పట్టు కోసం మరికొంత. రాడ్లు ఆగిన చోట హ్యాంగర్‌గా నడిపిన రెండు సన్న రాడ్లే మొత్తం లాగుడు మోయాలి. అవి చాలకపోతే పగులు దూలం పైనుంచి మొదలవుతుంది. పైన స్లాబూ ఫ్లోరింగూ ఉంటాయి కాబట్టి అది టైల్స్ మధ్య గీతగా, పొట్టి గది నడుమ, దూలానికి అడ్డంగా కనిపిస్తుంది. దూలం కిందినుంచి చూసేవాళ్లకు ఏమీ కనపడదు. గోడ దగ్గర మాత్రం కథ వేరు. బాటమ్ రాడ్లు గోడలోకి తగినంత లోతుగా పోకపోతే అక్కడ కిందివైపే సన్నని పగులు తెరుచుకుంటుంది.

మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో వరస దూలాలకు రెడీమేడ్ గుణకాల పట్టిక ఉంది. దాన్ని వాడేవాళ్లలో చాలామంది పట్టిక పైనున్న షరతు చదవరు. స్పాన్లు మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉండాలి, వాటి పొడవుల మధ్య తేడా పెద్ద స్పాన్‌లో 15 శాతం మించకూడదు. మన దూలానికి స్పాన్లు రెండే, తేడా 33 శాతం. ఆ పట్టికకు ఇక్కడ పనే లేదు, పైగా అది మైనస్ 11ని ఎప్పటికీ చూపించదు. ఏ స్పాన్ నిండుగా, ఏ స్పాన్ ఖాళీగా ఉంటే చెడ్డ ఫలితం వస్తుందో మార్చి మార్చి చూడమని అదే కోడ్ వేరే చోట చెబుతోంది. రెండు సమీకరణాలను మూడుసార్లు సాధిస్తే ఆ పని అయిపోతుంది. మూడో సందర్భంలో పొడుగు గది ఖాళీగా, పొట్టి గది నిండుగా ఉంటే M_A 18.5కు ఎక్కుతుంది, M_B 35కు దిగుతుంది. గోడ దగ్గర టాప్ రాడ్లను ఈ 18.5కే ఇవ్వాలి, అన్నీ నిండినప్పటి 5కు కాదు.

ఇంతవరకూ ఆధారాలు కదలవని అనుకున్నాం. 1857 సమీకరణం కూడా అలాగే అనుకుంది. మూడేళ్ల తర్వాత, 1860లో, హనోవర్ రైల్వేలలో పనిచేస్తున్న యువ ఇంజనీరు ఒట్టో మోర్ ఆ లోటు పూరించాడు. ఒక ఆధారం కుంగితే సమీకరణానికి ఏ పదం కలపాలో చూపించాడు. B మాత్రమే δ మేర దిగితే, A సమీకరణం కుడివైపు 6EIδ/L1 కలుస్తుంది. B సమీకరణం కుడివైపు నుంచి 6EIδ(1/L1 + 1/L2) తీసివేయాలి.

మన దూలానికే వేసి చూద్దాం. వెడల్పు 230 మిల్లీమీటర్లు, లోతు 450, కాంక్రీటు ఎం25. EI సుమారు 43,660 కిలోన్యూటన్ చదరపు మీటర్లు. B పిల్లరు 5 మిల్లీమీటర్లు కుంగిందనుకోండి, రెండు గదులూ నిండుగా ఉన్నాయి. M_B 62 నుంచి దాదాపు 23కు పడిపోతుంది. గోడ దగ్గర M_A 5 నుంచి 66కు లేస్తుంది. పొడుగు స్పాన్ నడుమ కిందివైపు లాగే మూమెంట్ 53 నుంచి 70కి పెరుగుతుంది. చిటికెన వేలి మందం కూడా లేని కుంగుడు గోడ దగ్గరి మూమెంట్‌ను పదమూడు రెట్లు చేసింది. ఇది పగుళ్లు లేని కాంక్రీటు లెక్క అన్నది నిజమే. కాంక్రీటు పగిలి బిగువు తగ్గితే, కుంగుడు నెలల తరబడి మెల్లగా జరిగితే ఈ అంకెలు చాలావరకు తగ్గుతాయి. కాని దిశ మారదు.

ఇదే 1860లో బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తపతి దగ్గరికి వచ్చింది. ఫిబ్రవరిలో అంకలేశ్వర్ నుంచి ఉత్రాన్ దాకా మార్గం తెరిచారు. కతర్‌గామ్‌కు దగ్గర్లోనే, నది ఉత్తరపు ఒడ్డున ఉంది ఉత్రాన్. ఆ ఏడాది ముగిసేలోపు రైలు నది దాటి సూరత్ చేరింది. కంపెనీ ఇంజనీరు కర్నల్ జె.పి. కెనెడీ తన మార్గంలోని నదులకు ఒకే నమూనా ఎంచుకున్నాడు. పోత ఇనుప స్క్రూ పైల్స్ మీద 60 అడుగుల వారెన్ గర్డర్లు. ఐరోపాలో గర్డర్లను వరసగా కలిపి నడిపిస్తున్న కాలంలో ఇక్కడ పొట్టి స్పాన్ల పద్ధతి ఎందుకన్న ప్రశ్నకు మోర్ కలిపిన పదంలోనే జవాబు ఉందని నేననుకుంటాను. తపతి, నర్మద ఇసుకలోనూ ఒండ్రులోనూ దిగిన పైల్స్ ఏ వరదకు ఎంత కదులుతాయో ఎవరికీ తెలియదు. విడి స్పాన్ కింద స్తంభం కుంగితే పట్టాలు కాస్త వంగుతాయి, గర్డరులో కొత్త మూమెంట్ ఏమీ పుట్టదు. నర్మద మీది అలాంటి వంతెన వరదలకు పలుమార్లు దెబ్బతింది, ఆ స్పాన్లను తిరిగి నిలబెట్టారు. చివరికి 1881లో దాని స్థానంలో వేరే వంతెన వచ్చింది. మన రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో తెరిచిన హావ్‌లాక్ వంతెనలోనూ 150 అడుగుల స్పాన్లు 56, ప్రతిదీ విడి గర్డరే.

కట్టడాల్లో ఈ స్వేచ్ఛ లేదు. కాంక్రీటు పోస్తే దూలం తనంతట తానే వరస దూలం అవుతుంది. కింద ఉన్నది మాత్రం అదే తపతి ఒండ్రు. 2006 ఆగస్టులో ఉకాయ్ నుంచి వదిలిన నీటికి సూరత్‌లో అత్యధిక భాగం మునిగింది. అంత నీరు నానిన నేల ఆరేటప్పుడు పునాదులన్నీ ఒకేలా సర్దుకుంటాయనుకోలేం. కాబట్టి మధ్య పిల్లరు కుంగిందని అనుమానం వస్తే చూడవలసిన చోట్లు రెండు. ఒకటి, బిగించిన గోడ పక్కన దూలం పైభాగం. రెండు, పొడుగు స్పాన్ నడుమ కిందిభాగం. ఈ రెండు చోట్లా పగుళ్లుండి, మామూలుగా అన్నిటికన్నా ముందు పగలవలసిన B పైభాగం మాత్రం చెక్కు చెదరకుండా ఉంటే, అది బరువు ఎక్కువై వచ్చిన పగులు కాదు, కుంగుడు పగులు. బరువు ఎక్కువైతే B మీదే ముందు కనిపిస్తుంది. ఆ తర్వాత మేస్త్రీల నీళ్ల గొట్టంతో A, B, C దగ్గర దూలం అడుగు మట్టాలు చూసి తేడా కొలిచి, ఆ మిల్లీమీటర్లనే δ స్థానంలో వేయాలి. అలా వచ్చిన M_Aకు గోడ దగ్గరి రాడ్లు చాలుతాయో లేదో చూసి, చాలకపోతే ముందు ఫుటింగు కుంగుడు ఆపాలి, తర్వాతే దూలం మరమ్మతు. కుంగుడు ఆగకుండా పగుళ్లలో ఎపాక్సీ ఎక్కిస్తే, కొద్ది నెలల్లో పక్కనే కొత్త పగులు వస్తుంది.

(వచ్చే సంచికలో: హార్డీ క్రాస్, 1930, సమీకరణాలు సాధించకుండానే మూమెంట్లు పంచిన పద్ధతి)